వరంగల్ నుంచి మొదటి ఎగుమతి: తొక్కా, కారమా? దుబాయా, అమెరికానా?

చిన్న యూనిట్ పెట్టుకుని పచ్చళ్లు, కారాలు చేసేవాళ్లు ఎగుమతి అనగానే మొదట అడిగేది "ఏ దేశంలో బాగా పోతుంది?" అని. అమ్ముడుపోవడం గురించి అంత బెంగ అక్కర్లేదు. ఆవకాయ, మన వరంగల్ చపాటా మిరప కారం ఎక్కడ తెలుగువాళ్లుంటే అక్కడ పోతాయి. సరుకు ఓడరేవులోనో ఎయిర్‌పోర్టులోనో ఆగిపోయేది రుచి బాగాలేక కాదు. ఆ సరుకుకి ఆ దేశం అడిగే కాగితం లేకో, లేబుల్ మీద ఒక మాట తప్పిపోయో, మూత దగ్గర నూనె కారో ఆగుతుంది. కాబట్టి మొదటి షిప్‌మెంట్‌కి సరుకునీ దేశాన్నీ విడివిడిగా కాకుండా జంటగా ఎంచుకోవాలి. ఒకే తొక్కు దుబాయికి సులువుగా వెళ్తుంది, అమెరికాకి కష్టమవుతుంది. ఇంకొకటి రెండు చోట్లా ఇబ్బంది పెడుతుంది.

ఊరికే సూత్రాలు చెప్పుకోవడం కన్నా ఒక యూనిట్‌ని ఊహించుకుని మాట్లాడుకుందాం. హనుమకొండ శివారులో నలుగురైదుగురు ఆడవాళ్లు కలిసి నడుపుతున్న యూనిట్ అనుకోండి. ఆవకాయ, అల్లం పచ్చడి, వెల్లుల్లి పచ్చడి, చపాటా కారం, వడియాలు చేస్తారు. రెండు ఎంక్వయిరీలు వచ్చాయి. న్యూజెర్సీలో ఒక కిరాణా షాపాయన ఆరు రకాల పచ్చళ్లు, చికెన్ పచ్చడితో సహా, కావాలంటున్నాడు. దుబాయిలో ఒక ఇంపోర్టర్ ఆవకాయ, చపాటా కారం చాలంటున్నాడు. ఎవరికి ముందు పంపాలి?

ముందుగా, ఎటు పంపినా తప్పని కాగితాలు. కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో తీసుకునే ఐఈసీ, అంటే ఎగుమతి-దిగుమతి కోడ్ నంబర్‌కి ఫీజు 500 రూపాయలు. దాన్ని ఏటా ఏప్రిల్-జూన్ మధ్య అప్‌డేట్ చేయాలి, మార్పులేవీ లేకపోయినా సరే. లేకపోతే నంబర్ పనిచేయడం ఆగిపోతుంది. లోకల్‌గా అమ్ముకోవడానికి తీసుకున్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఎగుమతికి చాలదు, సెంట్రల్ లైసెన్స్ కావాలి. విదేశీ చెల్లింపుల కోసం మీ బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్‌ని సరుకు వెళ్లే పోర్టులో నమోదు చేయించుకోవాలి. ఐజీఎస్టీ కట్టకుండా పంపాలంటే జీఎస్టీ పోర్టల్‌లో ఎల్‌యూటీ అనే హామీపత్రం పెట్టుకోవాలి. వీటికి మీ ఆడిటర్ చాలు.

ఇక్కడ ఒక తేడా మాత్రం చూసుకోండి. కారం, పసుపు పంపాలంటే స్పైసెస్ బోర్డు దగ్గర ఎగుమతిదారుగా నమోదు కావాలి. ఆ సర్టిఫికెట్‌ని సీఆర్‌ఈఎస్ అంటారు. పచ్చళ్లు, అప్పడాలు మాత్రం వ్యవసాయ, ప్రాసెస్ చేసిన ఆహార ఎగుమతులు చూసే అపెడా కిందికి వస్తాయి. రెండు రకాలూ పంపాలంటే రెండు చోట్లా నమోదు కావాలి. మన యూనిట్‌కి ఇది మొదటి లెక్క: దుబాయి ఆయనకి ఆవకాయ, కారం రెండూ కావాలి కాబట్టి రెండు రిజిస్ట్రేషన్లు తప్పవు.

అమెరికాకి పచ్చడి అంటే ఎందుకంత తలనొప్పి

ముందు చికెన్ పచ్చడి సంగతి. మన దేశం నుంచి కోడి మాంసం ఉత్పత్తుల్ని అమెరికా అనుమతించదు. న్యూజెర్సీ ఆయన ఎంత బతిమాలినా, "లేబుల్ మీద రాయకండి" అన్నా, ఆ డబ్బా పెట్టె ఎక్కకూడదు. దానివల్ల మొత్తం షిప్‌మెంట్ పోతుంది.

కూరగాయల పచ్చళ్ల విషయానికొస్తే, అమెరికాలో ఆహారం, మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ కొన్ని పచ్చళ్లని ప్రత్యేక తరగతి కింద చూస్తుంది. సహజంగా పులుపు లేని కూరగాయకి నిమ్మరసమో చింతపండో వెనిగరో కలిపి పుల్లగా చేసి, పులుపుని చెప్పే దాని పీహెచ్ కొలత 4.6 లేదా అంతకన్నా తక్కువకి తెచ్చి, అందులో వాటర్ యాక్టివిటీ, అంటే క్రిములకి దొరికే నీరు, 0.85 కన్నా ఎక్కువ ఉంటే అది వాళ్ల లెక్కలో యాసిడిఫైడ్ ఫుడ్. దీని వెనక భయం బొటులిజం అనే ప్రాణాంతకమైన ఫుడ్ పాయిజనింగ్. పులుపు చాలకపోతే గాలి ఆడని డబ్బాలో దాన్ని తెచ్చే బ్యాక్టీరియా విషం తయారుచేస్తుంది. ఈ తరగతిలోకి వస్తే యూనిట్‌కి ఎఫ్‌డీఏ దగ్గర ఎఫ్‌సీఈ అనే డబ్బా ఆహారాల తయారీ రిజిస్ట్రేషన్ నంబర్ తీసుకోవాలి, ఒక్కో రకం పచ్చడికీ ఒక్కో సైజు డబ్బాకీ తయారీ పద్ధతిని ఫైల్ చేయాలి, పర్యవేక్షించే మనిషి వాళ్లు ఆమోదించిన శిక్షణ పొంది ఉండాలి. నలుగురు నడిపే యూనిట్‌కి ఇది మొదటి రోజే ఎత్తుకునే బరువు కాదు.

మరి ఏది ఆ తరగతిలోకి వస్తుంది? మన యూనిట్ పచ్చళ్లనే తీసుకుందాం. వెల్లుల్లి, అల్లం సహజంగా పుల్లటివి కావు. చింతపండు, నిమ్మరసంతో పుల్లగా చేస్తున్నాం. కాబట్టి అవి దాదాపు తప్పకుండా అందులోకే వస్తాయి. కాకరకాయ, దోసకాయ, కాలీఫ్లవర్ కూడా అంతే. పచ్చి మామిడి మాత్రం పుట్టుకతోనే పులుపు. ఉప్పు బాగా పట్టిన ఆవకాయలో వాటర్ యాక్టివిటీ 0.85 లోపే ఉంటే ఈ తరగతి బయటే నిలబడుతుంది. అందుకే అమెరికాకి మొదటి పచ్చడి పంపాలనుకుంటే అది ఆవకాయ లేదా మామిడి తొక్కు అయి ఉండాలి, అల్లమో వెల్లుల్లో కాదు.

ఈ వాటర్ యాక్టివిటీ అంటే పచ్చడిలో ఎంత నీళ్లున్నాయని కాదు, క్రిములకి దొరికే నీరు ఎంత ఉందని. ఉప్పు ఆ నీటిని పట్టి ఉంచుతుంది. నూనెకి ఆ పని చేతకాదు. పైన నాలుగు వేళ్ల నూనె తేలుతోంది కదా, ఏం కాదులే అనుకుంటే పొరపాటు. గాలి తగలకుండా నూనె బూజుని ఆపుతుంది కానీ ముక్క లోపలి నీటిని అది కట్టడి చేయలేదు. పైగా అమెరికా కొనుగోలుదారు "ఉప్పు కాస్త తగ్గించండి, మావాళ్లు బీపీ అంటున్నారు" అంటాడు. ఉప్పు తగ్గించగానే వాటర్ యాక్టివిటీ పెరుగుతుంది. నిన్నటిదాకా బయట ఉన్న ఆవకాయకి మళ్లీ ఆ పరీక్ష మొదలవుతుంది. కొలత మార్చిన ప్రతిసారీ కొత్త పచ్చడే అనుకుని టెస్టు చేయించాలి.

ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు కూడా జాగ్రత్త. కలిపిన మర్నాడే ఇస్తే ముక్క లోపల ఒక పీహెచ్, ఊటలో ఒక పీహెచ్ ఉంటాయి. ముక్కలు ఊరి లోపలా బయటా సమానమయ్యాక ఇవ్వాలి. నూనె తీసేసి, ముక్కలతో సహా రుబ్బి పీహెచ్ చూడమని చెప్పండి. నూనె మీటర్‌కి అంటుకుంటే రీడింగ్ తప్పుతుంది. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ రిపోర్టుతో పాటు, ఈ రంగంలో ప్రాసెస్ అథారిటీగా పనిచేసే నిపుణుడి నుంచి "ఈ పచ్చడి యాసిడిఫైడ్ తరగతిలోకి రాదు" అన్న లేఖ తెచ్చుకుంటే మంచిది. అమెరికా పోర్టులో "పికిల్" అనే మాట కనపడగానే ఎఫ్‌సీఈ నంబర్ ఎక్కడని అడగడం మామూలే. అప్పుడు మీ ఇంపోర్టర్ చేతిలో ఆ లేఖ ఉండాలి.

మరో మాట. ఎఫ్‌డీఏ దగ్గర ఫ్యాక్టరీ రిజిస్ట్రేషన్ ఉచితం. దీనికి అమెరికాలో ఒక ఏజెంట్ పేరు ఇవ్వాలి, డన్స్ నంబర్ లాంటి గుర్తింపు సంఖ్య కావాలి, ప్రతి సరి సంవత్సరం అక్టోబర్-డిసెంబర్ మధ్య పునరుద్ధరించుకోవాలి. ఎఫ్‌డీఏ దీనికి సర్టిఫికెట్ అంటూ ఏమీ ఇవ్వదు. గద్ద బొమ్మ, బంగారు ముద్ర వేసిన "ఎఫ్‌డీఏ సర్టిఫికెట్" అని ఎవరైనా వేలకి వేలు అడిగితే అది ఆ మధ్యవర్తి అచ్చేయించుకున్న కాగితమే. ఏజెంట్ సేవకి ఫీజు ఇవ్వడం వేరు, ఆ బొమ్మకి డబ్బివ్వడం వేరు.

కారానికి కష్టం వేరే చోట ఉంది

కారంలో నీరు ఉండదు కాబట్టి పైన చెప్పిన గొడవేదీ లేదు. అందుకని కారం సులువనుకుంటారు. కానీ దాని పరీక్షంతా ల్యాబ్‌లోనే. అఫ్లటాక్సిన్, సాల్మొనెల్లా, పురుగుమందుల అవశేషాలు, ఎరుపు కోసం కల్తీగా కలిపే సుడాన్ రంగులు. మిరప, మిరప ఉత్పత్తులకి స్పైసెస్ బోర్డు తప్పనిసరి నమూనా పరీక్షలు పెట్టింది. ఏ దేశానికి ఏవన్నది వాళ్ల సర్క్యులర్లలో మారుతుంటుంది కాబట్టి బుకింగ్‌కి ముందు చూసుకోవాలి. 2024లో హాంకాంగ్, సింగపూర్‌లలో మన మసాలాల్లో క్రిముల్ని చంపే వాయువు ఇథిలీన్ ఆక్సైడ్ అవశేషాలు దొరికాయన్న గొడవ తర్వాత ఆ రెండు చోట్లకీ వెళ్లే మసాలాలకి దాని పరీక్ష కూడా చేర్చారు. మనకి దగ్గర్లో గుంటూరులో బోర్డు ల్యాబ్ ఉంది.

అఫ్లటాక్సిన్ బూజు తయారుచేసే విషం. కాయ కల్లంలో నేల మీద ఆరుతున్నప్పుడు మంచు పడినా, తూకం పెరగాలని బస్తా మీద నీళ్లు చల్లినా, గోడౌన్‌లో చెమ్మ తగిలినా మొదలవుతుంది. ఒకసారి వచ్చిందంటే దాన్ని తీసేసే దారి మనలాంటి యూనిట్‌కి లేదు. వేయించినా, మర పట్టినా, ఆవిరి పట్టినా పోదు. అన్ని రకాలూ కలిపి అఫ్లటాక్సిన్ 20 పీపీబీ, అంటే వంద కోట్లలో 20 వంతులు, దాటితే అమెరికా చర్య తీసుకుంటుంది. యూరప్ లెక్క ఇంకా గట్టిది: మిరపలో మొత్తం 10, అందులో బీ1 రకం 5 మాత్రమే. ఇక దీని చెడ్డ గుణం ఏంటంటే బస్తా అంతా సమంగా ఉండదు. ఒక బస్తాలో గుప్పెడు బూజు కాయలుంటే ఆ మూల అంతా విషం, పక్క బస్తా శుభ్రం. పైనుంచి ఒక గుప్పెడు తీసి ల్యాబ్‌కి పంపి "పాసైంది" అనుకుంటే అదృష్టాన్ని నమ్ముకున్నట్టే. బస్తాలో గుచ్చే ఇనుప గొట్టంతో ప్రతి బస్తాలోంచీ పైన, మధ్యన, అడుగున తీసి, అన్నీ కలిపి, పొడి చేసి, అందులోంచి నమూనా ఇవ్వాలి. కొనేటప్పుడే కాయ విరిచి చూడండి. పైకి ఎర్రగా నిగనిగలాడే కాయలో గింజల దగ్గర బూడిదరంగు నూగు ఉంటే ఆ లాట్ వదిలేయండి. తొడిమ దగ్గర మెత్తగా ఉంటే ఇంకా ఆరలేదని అర్థం.

పురుగుమందుల సంగతి ఇంకోలా ఉంటుంది. అమెరికాలో ఏదైనా మందుకి ఆ పంట మీద పరిమితి పెట్టి లేకపోతే కొంచెం కనిపించినా తప్పే. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో వేలంలో కొన్న మిరప పది మంది రైతులదై ఉంటుంది, ఎవరు ఏం కొట్టారో చెప్పేవాళ్లు ఉండరు. అందువల్ల లోకల్ అమ్మకానికి మార్కెట్ సరుకు సరే కానీ, ఎగుమతి లాట్‌కి మాత్రం ఒకే రైతు దగ్గరో రైతు ఉత్పత్తిదారుల సంఘం దగ్గరో, ఏ తేదీన ఏ మందు కొట్టారో రాసి ఉన్న చోట కొనాలి. క్వింటాకి కొంత ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. ల్యాబ్‌లో ఫెయిలైన లాట్ ఖర్చుతో పోల్చుకుంటే అది తక్కువే.

వరంగల్ చపాటాకి ఇక్కడో మంచి సంగతుంది. కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో దీనికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాబట్టి పేరు అమ్ముతుంది. కానీ ప్యాకెట్ మీద ఆ జీఐ గుర్తు వేయాలంటే మీరు అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి, కేవలం వరంగల్‌లో ఉన్నారని వేసుకోకూడదు.

సాల్మొనెల్లా కోసం కారాన్ని శుద్ధి చేయించేటప్పుడు ఏ పద్ధతన్నది మీ ఫైల్లో రాసుకోండి. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో శుద్ధి చేసిన మసాలాని అమెరికా 7 పీపీఎం, అంటే పది లక్షల్లో 7 వంతుల వరకు ఒప్పుకుంటుంది, యూరప్‌లో మాత్రం పరిమితి 0.1 మాత్రమే. అమెరికా ఆర్డర్ క్యాన్సిల్ అయింది కదా అని అదే సరుకు జర్మనీకి మళ్లిస్తే అక్కడ ఆగిపోతుంది. ఆవిరితో శుద్ధి చేయిస్తే ఈ టెన్షన్ ఉండదు, కాకపోతే రంగు కాస్త తగ్గుతుంది.

హెల్త్ సర్టిఫికెట్: ఎవరికి, ఎవరి దగ్గర

"హెల్త్ సర్టిఫికెట్" అనే మాట కింద మూడు వేరు వేరు కాగితాల్ని కలిపేస్తుంటారు. ఏజెంట్లు కూడా దీన్ని వాడుకుని అక్కర్లేని కాగితానికి డబ్బు లాగుతుంటారు.

అసలైన హెల్త్ సర్టిఫికెట్ అంటే, ఈ ఆహారం మనిషి తినడానికి పనికొస్తుందని మన ప్రభుత్వ సంస్థ అవతలి దేశానికి ఇచ్చే హామీ. దుబాయి దీన్ని అడుగుతుంది. మన దగ్గర ప్రాసెస్ చేసిన ఆహారానికి ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ ఇస్తుంది. బ్యాచ్‌వారీ ల్యాబ్ రిపోర్టులు, ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు పెట్టి, సరుకు కదలకముందే అప్లై చేయాలి. సరుకు వెళ్లిపోయాక కాగితం తెద్దామంటే కుదరదు. ఇన్‌వాయిస్‌లో "మ్యాంగో పికిల్ 400 గ్రా.", సర్టిఫికెట్‌లో "ఆవకాయ 400 గ్రా.", లేబుల్ మీద మరొకటి ఉంటే అక్కడి అధికారి మూడూ వేరు వేరు సరుకులనుకుంటాడు. పేరు, బరువు, బ్యాచ్ నంబర్, డబ్బాల లెక్క అన్ని కాగితాల్లోనూ అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉండాలి.

రెండోది అమెరికా కాగితాలు. అమెరికా కారానికీ పచ్చడికీ మన ప్రభుత్వ హెల్త్ సర్టిఫికెట్ అడగదు. దాని బదులు ఫ్యాక్టరీ రిజిస్ట్రేషన్, సరుకు చేరేలోపు ఇచ్చే ప్రయర్ నోటీస్, అక్కడి ఇంపోర్టర్ మీద ఎఫ్‌ఎస్‌వీపీ అనే బాధ్యత పెట్టింది. ప్రయర్ నోటీస్ విమానంలో వెళ్తే చేరడానికి కనీసం 4 గంటల ముందు, ఓడలో అయితే 8 గంటల ముందు వెళ్లాలి. ఎఫ్‌ఎస్‌వీపీ అంటే మీ యూనిట్‌లో ప్రమాదాలేంటి, వాటిని మీరెలా ఆపుతున్నారన్నది ఇంపోర్టర్ పరిశీలించి రికార్డు పెట్టుకోవడం. కిరాణా షాపు నడిపే చాలామందికి ఆ బాధ్యత తమదేనని తెలియదు. "మీ ఎఫ్‌ఎస్‌వీపీ ఎవరు చూస్తారు?" అని న్యూజెర్సీ ఆయన్ని అడిగితే, ఆయన జవాబుని బట్టే సరుకు పంపాలో వద్దో సగం తేలిపోతుంది.

ఇక మూడోది ఫైటోశానిటరీ సర్టిఫికెట్. ఇది ఆరోగ్యానికి కాదు, మొక్కల తెగుళ్లు దేశం దాటకుండా. ఎండు మిరపకాయలు, పసుపు కొమ్ములు కాయగా కొమ్ముగా పంపితే ఇది అవసరమవుతుంది. శంషాబాద్‌లో ప్లాంట్ క్వారంటైన్ కార్యాలయం ఉంది. ఆవకాయకి దీన్ని అమ్మజూపే ఏజెంట్‌కి దండం పెట్టి పంపేయండి. కారానికి మాత్రం కొనుగోలుదారు దేశం అడిగితేనే తీసుకోండి.

లేబుల్ మీద దాగే గోధుమ, నువ్వులు

అలర్జీ ప్రకటనలోనే చిన్న యూనిట్లు ఎక్కువగా దెబ్బతింటాయి. మన ఆవకాయలో ఏముంటాయో ఒకసారి చూడండి. మామిడి ముక్కలు, కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు, నువ్వుల నూనె, ఇంగువ. ఇందులో అలర్జీ పదార్థం ఏదీ లేదని చాలామంది అనుకుంటారు.

నువ్వులు 2023 జనవరి 1 నుంచి అమెరికా ప్రధాన అలర్జీ జాబితాలో ఉన్నాయి. నువ్వుల నూనె వాడితే ప్రకటించాలి. ఇంగువ ఇంకా తమాషా. బజార్లో దొరికే ముద్ద ఇంగువ, పొడి ఇంగువలో ఎక్కువ భాగం గోధుమపిండో బియ్యప్పిండో కలిపినవి. మీ డబ్బా వెనక పదార్థాల్లో గోధుమపిండి ఉంటే, చిటికెడు వేసినా మీ ఆవకాయ లేబుల్ మీద గోధుమ రావాలి. గోధుమ లేని ఇంగువకి మారిపోవడం దీనికి తేలిక దారి. గానుగ పల్లి నూనె వాడేవాళ్లు పల్లీలు ప్రకటించాలి. బాగా రిఫైన్ చేసిన నూనెకి అమెరికా మినహాయింపు ఇస్తుంది కానీ గానుగ నూనెకి ఇవ్వదు. ఆవాలు అమెరికా జాబితాలో లేవు, బ్రిటన్, యూరప్, కెనడాల్లో ఉన్నాయి. అంటే అమెరికాకి సరిపోయిన లేబుల్ లండన్‌కి సరిపోదు.

దుబాయికి అరబిక్ తప్పనిసరి. ఇంగ్లిష్ లేబుల్ మీద ఏమీ మూసుకుపోకుండా అరబిక్ స్టిక్కర్ అతికించవచ్చు. అయితే తయారీ, గడువు తేదీలు స్టిక్కర్ మీద కాకుండా డబ్బా మీదే ముద్రించి ఉండాలి. స్టిక్కర్ అచ్చేయించే ముందు డిజైన్‌ని ఇంపోర్టర్‌కి పంపి, ఆయన దుబాయి మున్సిపాలిటీలో ఉత్పత్తిని రిజిస్టర్ చేయించాక ఆమోదమైన ప్రతినే ప్రింట్‌కి ఇవ్వండి. ఈ క్రమం తలకిందులైతే వెయ్యి స్టిక్కర్లు చెత్తబుట్టలోకే.

అమెరికా లేబుల్‌లో నికర బరువు గ్రాముల్లోనూ ఔన్సుల్లోనూ వేయాలి, ముందువైపు కింది భాగంలో. పోషకాల పట్టిక వాళ్ల నమూనాలోనే ఉండాలి, మన దేశపు పట్టిక చెల్లదు. "ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా" తప్పదు. తేదీలో నెలని అంకెల్లో రాస్తే వాళ్లు 05/08ని మే 8గా చదువుతారు. నెలని అక్షరాల్లో వేయడం అన్ని దేశాలకీ క్షేమం.

డబ్బా, పౌచ్, గాజు సీసా

కారానికి ఆలోచించేదేమీ లేదు. వెలుతురు, గాలి తగిలితే చపాటా రంగు వెలిసిపోతుంది. కాబట్టి లోపల అల్యూమినియం పొర ఉన్న పౌచ్, బయట 5 ప్లై అట్టపెట్టె. పారదర్శకంగా కిటికీ ఉన్న పౌచ్ అందంగా ఉంటుంది కానీ చపాటాకి ఉన్న బలమే రంగు, దాన్ని ఎండలో పెట్టుకోవడం ఎందుకు.

పచ్చడికి మాత్రం మూడింటి మధ్య ఎంచుకోవాలి. గాజు సీసా చూడ్డానికి బాగుంటుంది, రుచి పాడవదు, కానీ బరువు. విమానంలో గాజుకి కూడా కిలో లెక్కన డబ్బు కడతారు. ఒకటి పగిలితే పెట్టెలో మిగతావన్నీ నూనె పట్టి పనికిరాకుండా పోతాయి. పౌచ్ చవక, తేలిక. దాని బలహీనత సీల్ దగ్గర. నింపేటప్పుడు ఒక్క చుక్క నూనె ఆ అంచు మీద పడితే సీల్ పైకి బాగానే కనిపిస్తుంది, విమానంలో గాలి పీడనం తగ్గి పౌచ్ ఉబ్బినప్పుడు అక్కడే విచ్చుకుంటుంది. మొదటి షిప్‌మెంట్‌కి నా ఓటు మూత కింద వేడితో అతికే ఇండక్షన్ రేకు సీల్ వేసిన పెట్ ప్లాస్టిక్ డబ్బాకే. దానిలో కూడా రహస్యం డబ్బా మూతి తుడవడంలో ఉంది. నింపిన వెంటనే పొడి గుడ్డతో మూతి అంచు తుడిచి, ఆ తర్వాతే సీల్ వేయాలి. సీల్ వేశాక ప్రతి బ్యాచ్‌లోంచి కొన్ని డబ్బాలు తీసి, పాత పేపర్ మీద తలకిందులుగా రెండు రోజులు వెచ్చని గదిలో పెట్టండి. పేపర్ మీద నూనె మరక గుండ్రంగా వచ్చిందంటే సీల్ మిషన్ వేడి సరిపోలేదు, లేదా మూతి తుడవలేదు. ఆ బ్యాచ్ మొత్తం మళ్లీ చూడాలి. ఊరడం పూర్తి కాకుండా నింపితే లోపల గ్యాస్ పుట్టి రేకు పైకి ఉబ్బుతుంది, ఇది కూడా ఆ రెండు రోజుల్లో చాలావరకు బయటపడుతుంది. పెట్టె లోపల డబ్బాకీ డబ్బాకీ మధ్య అట్ట గడులు పెట్టండి.

చెక్క ప్యాలెట్ వాడితే దాని మీద, చెక్కని పురుగు లేకుండా శుద్ధి చేశారని చెప్పే ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి. కొన్ని పెట్టెలే కాబట్టి ప్యాలెట్ లేకుండా పంపడమో ప్లాస్టిక్‌ది వాడడమో మేలు.

కొరియరా, ఎయిర్ కార్గోనా, ఓడా

దుబాయి ఆర్డర్‌ని లెక్కేద్దాం. అర కిలో కారం ప్యాకెట్లు 200, అంటే 100 కిలోలు. పెట్టెకి 20 చొప్పున 10 పెట్టెలు. ఒక్కో పెట్టె 40, 30, 25 సెంటీమీటర్లు అనుకుంటే ఘనపరిమాణం 0.03 ఘనపు మీటర్లు. 400 గ్రాముల ఆవకాయ డబ్బాలు 240, పెట్టెకి 24 చొప్పున మరో 10 పెట్టెలు, సైజు దాదాపు అంతే. మొత్తం 20 పెట్టెలు, 0.6 ఘనపు మీటర్లు, బరువు 220 కిలోల చుట్టుపక్కల.

ఓడలో ఇతరుల సరుకుతో కలిపి పంపే పద్ధతిలో మామూలుగా కనీసం 1 ఘనపు మీటరుకి డబ్బు తీసుకుంటారు, అవతలి పోర్టులో ఖర్చులు వేరే. అంటే దాదాపు సగం ఖాళీకి డబ్బు కడుతున్నాం. పైగా కంటైనర్‌లో పక్కన ఏముందో మనకి తెలియదు, చెమ్మ పడితే అట్టపెట్టె మెత్తబడుతుంది. మరోవైపు కొరియర్‌లో 220 కిలోలంటే కిలో రేటు పచ్చడి ధరని మించిపోవచ్చు. కొరియర్, పోస్టాఫీసు డాక్ నిర్యాత్ కేంద్రం శాంపిళ్లకి మంచివి. ఈ పరిమాణానికి శంషాబాద్ నుంచి ఎయిర్ కార్గో సరైన దారి. విమానంలో పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగించిన లెక్కా అసలు బరువూ పోల్చి, ఎక్కువదానికి డబ్బు తీసుకుంటారు. మన పెట్టె ఆ లెక్కన 5 కిలోలే, అసలు బరువు 11. కారం, పచ్చడి బరువైన సరుకులు కాబట్టి ఖాళీకి నష్టం లేదు. అదే వడియాలు పంపితే తిరగబడుతుంది: పెట్టె నిండా గాలే, డబ్బంతా గాలికే. అందుకే మొదటి షిప్‌మెంట్‌లో వడియాలు వద్దన్నది నా మాట.

అమెరికాకి శాంపిళ్లు పంపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి లేదు. చిన్న పార్సిల్ కదా, ఏమీ పడదులే అన్న పాత సలహా ఇప్పుడు పనికిరాదు.

మన యూనిట్ ఏం చేయాలి

దుబాయి ఆర్డర్ ముందు తీసుకోవాలి. అక్కడ హెల్త్ సర్టిఫికెట్ ఉందన్నమాటే గానీ, అది మన దేశంలోనే, మన భాషలో మాట్లాడుకునే దూరంలో తేలే పని. యూఏఈతో మన వాణిజ్య ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది కాబట్టి, సుంకం రాయితీ కోసం, సరుకు మన దేశానిదే అని చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ కూడా తీసుకుని ఇంపోర్టర్‌కి ఇవ్వండి. పనుల వరుస ఇలా ఉండాలి: ముందు రైతు సంఘం దగ్గర చపాటా లాట్ ఎంచి నమూనా పరీక్ష, అది పాసయ్యాకే మర పట్టడం. అదే సమయంలో లేబుల్ డిజైన్ దుబాయికి. ఆవకాయ ఊరాక పీహెచ్, వాటర్ యాక్టివిటీ టెస్టు. దుబాయికి ఆ రెండూ అడగకపోయినా చేయించండి, అవి రేపు అమెరికాకి పనికొస్తాయి. ప్యాకింగ్, తలకిందుల పరీక్ష, తర్వాత హెల్త్ సర్టిఫికెట్, చివర్లో బుకింగ్. బుకింగ్ ముందు చేసుకుని కాగితాల కోసం పరుగులు తీస్తే ఎయిర్‌పోర్టు గోడౌన్ అద్దె మీద పడుతుంది.

న్యూజెర్సీ ఆయనకి కూడా వద్దని చెప్పక్కర్లేదు. ఆరు రకాల బదులు ఆవకాయ, చపాటా కారం రెండే ఇస్తామని, ఎఫ్‌ఎస్‌వీపీ ఎవరు చూస్తారో తేలాక పంపుతామని చెప్పాలి. తొందరగా కావాలంటే ఇంకో దారి ఉంది: ఇప్పటికే ఎఫ్‌సీఈ నంబర్లున్న యూనిట్‌లో జాబ్ వర్క్ మీద అల్లం, వెల్లుల్లి పచ్చళ్లు చేయించడం. అప్పుడు రిజిస్ట్రేషన్, ఫైలింగ్ అన్నీ తయారైన చోటివి అవుతాయి, లేబుల్ మీద పేరు మీదవుతుంది. మీ చేతి రుచి వస్తుందా రాదా అన్నది మాత్రం వాళ్ల వంటగదిలో మీరు నిలబడి ఒక బ్యాచ్ చేయించాకే తెలుస్తుంది.

పంపిన ప్రతి బ్యాచ్‌లోంచి రెండు డబ్బాలు, రెండు కారం ప్యాకెట్లు గడువు తేదీ దాటేదాకా మీ దగ్గర ఉంచుకోండి. ఆరు నెలల తర్వాత అక్కడి నుంచి "రంగు పోయింది", "బూజు పట్టింది" అని ఫోటో వస్తే, ఇక్కడి డబ్బా తెరిచి చూడొచ్చు. ఇక్కడ బాగుండి అక్కడ పాడైతే తప్పు నిల్వలోనో దారిలోనో ఉందని అడగొచ్చు. రెండు చోట్లా ఒకేలా పాడైతే ఆ బ్యాచ్ సరుకు ఇంకెక్కడెక్కడ ఉందో వెంటనే ఫోన్ చేసి ఆపించాలి.